ఇన్‌కంప్లీట్ గ్రేడ్ ఎఫ్‌గా మారకముందే కోర్సు పూర్తి చేయడం: అమెరికాలో ఎంఎస్ చదివేవారి ప్రశ్నలు, జవాబులు

అమెరికాలో మాస్టర్స్ చేస్తున్న తెలుగు విద్యార్థులు సెమిస్టర్ చివర్లో నన్ను ఎక్కువగా అడిగే ప్రశ్నలు ఇవి. నేను కూడా టెక్సాస్‌లో ఎంఎస్ చదివేటప్పుడు ఒక కోర్సులో ఇన్‌కంప్లీట్ తీసుకున్నాను. దాన్ని దాటడానికి పడిన ఇబ్బంది గుర్తుంది కాబట్టి కాస్త వివరంగానే రాస్తున్నాను. నియమాలు ఒక్కో యూనివర్సిటీలో ఒక్కోలా ఉంటాయి. కిందివి చదివాక మీ యూనివర్సిటీ కాటలాగ్‌లో ఇన్‌కంప్లీట్ గ్రేడ్ అన్న పేజీ కూడా తప్పకుండా చూసుకోండి.

ఇన్‌కంప్లీట్ అంటే ఏమిటి? ఫెయిల్ అయినట్టా?

కాదు. సెమిస్టర్ అయిపోయింది, కోర్సులో చాలా భాగం మీరు చేసేశారు, మీ చేతుల్లో లేని కారణం వల్ల కొంత మిగిలిపోయింది. అలాంటప్పుడు ప్రొఫెసర్ అసలు గ్రేడ్ ఇవ్వకుండా ట్రాన్‌స్క్రిప్ట్‌లో తాత్కాలికంగా ఐ అని పెడతారు. ఆ ఐ ఉన్నంతకాలం సాధారణంగా జీపీఏ లెక్కలోకి రాదు. మిగిలిన పని చేసి ఇస్తే అసలు గ్రేడ్ వస్తుంది. గడువు దాటితే చాలా చోట్ల దానంతట అదే ఎఫ్ అవుతుంది. అలా మార్చేది ప్రొఫెసర్ కాదు, రిజిస్ట్రార్ ఆఫీసు సిస్టమ్. దానికి మీ పరిస్థితి తెలియదు, తేదీ ఒక్కటే తెలుసు. ఈ ఒక్క విషయం మనసులో పెట్టుకుంటే కింద చెప్పేవన్నీ సులువుగా అర్థమవుతాయి.

అడిగితే ఎవరికైనా ఇస్తారా?

ఇవ్వరు. ఇవ్వాలా వద్దా అన్నది పూర్తిగా ప్రొఫెసర్ ఇష్టం. సాధారణంగా రెండు విషయాలు చూస్తారు. మొదటిది, కోర్సులో ఎక్కువ భాగం పూర్తయిందా, అప్పటిదాకా పాసయ్యే స్థాయిలోనే ఉన్నారా అని. కొన్ని యూనివర్సిటీలు దీనికి ఒక అంకె పెట్టుకున్నాయి. ఉదాహరణకు డల్లాస్ దగ్గర రిచర్డ్‌సన్‌లో మనవాళ్ళు ఎక్కువగా చదివే యూటీ డల్లాస్‌లో కనీసం 70 శాతం పూర్తయి ఉండాలి. రెండోది, కారణం మీ చేతుల్లో లేనిదా అని. ఆసుపత్రిలో చేరడం, ఇంట్లో మరణం, తల్లిదండ్రులకు తీవ్ర అనారోగ్యం, యాక్సిడెంట్ లాంటివి ఒప్పుకుంటారు. పార్ట్‌టైమ్ పని ఎక్కువైందనో, ఇంటర్వ్యూలు ఉన్నాయనో, మిడ్‌టర్మ్ బాగా రాయలేదనో అడిగితే ఒప్పుకోరు. ముఖ్యంగా, ఎలాగూ ఫెయిల్ అయ్యేలా ఉన్న కోర్సును కాపాడుకోవడానికి ఇది దారి కాదు.

అయితే విత్‌డ్రా చేసుకోవడం మంచిదా, ఇన్‌కంప్లీట్ మంచిదా?

మిగిలిన పని ఎంతో చూడండి. ఒక ప్రాజెక్టు, ఒక పరీక్ష మిగిలితే ఇన్‌కంప్లీట్ మంచిది. సగం కోర్సు మిగిలిపోతే, లెక్చర్లు కూడా వినకపోతే, వచ్చే సెమిస్టర్‌లో కొత్త కోర్సులతో పాటు సగం పాత కోర్సు మోయడం చాలా కష్టం. అప్పుడు విత్‌డ్రానే నయం, ట్రాన్‌స్క్రిప్ట్‌లో డబ్ల్యూ ఉంటుంది కానీ జీపీఏ తగ్గదు. అయితే ఎఫ్-1 వీసాలో ఉన్నవాళ్ళు ఒక జాగ్రత్త తీసుకోవాలి. కోర్సు వదిలేస్తే ఆ సెమిస్టర్‌లో ఫుల్ టైమ్ క్రెడిట్లు తగ్గిపోవచ్చు. తగ్గేలా ఉంటే ముందు ఇంటర్నేషనల్ ఆఫీసులో డీఎస్‌వోతో మాట్లాడి, రెడ్యూస్డ్ కోర్స్ లోడ్ అనుమతి చేతికి వచ్చాకే కోర్సు వదలాలి. ముందు వదిలేసి తర్వాత చెబుదామనుకుంటే స్టేటస్ పోయే ప్రమాదం ఉంది. ఇన్‌కంప్లీట్‌లో ఈ చిక్కు లేదు. ఆ సెమిస్టర్‌కి మీరు ఆ కోర్సులో చేరి ఉన్నట్టే లెక్క.

ఎప్పుడు అడగాలి? మెయిల్‌లో ఏం రాయాలి?

సమస్య వచ్చిన వారంలోనే అడగాలి. గ్రేడ్లు వేసేశాక అడిగితే ప్రొఫెసర్ ఒప్పుకున్నా, అప్పటికే పడిన గ్రేడ్‌ను ఐగా మార్చడానికి చాలా చోట్ల వీలుండదు. మనవాళ్ళలో చాలామంది మొహమాటంతో, లేదా ఇంటి సంగతి బయటివాళ్ళకు ఎందుకు చెప్పాలని, చివరి పరీక్ష రోజు దాకా ఊరుకుంటారు. నాన్నగారు ఐసీయూలో ఉన్నారని చెప్పడంలో తప్పేమీ లేదు. ప్రొఫెసర్లు ప్రతి సెమిస్టర్ ఇలాంటివి వింటూనే ఉంటారు.

మెయిల్ పొడుగ్గా రాయనక్కర్లేదు. ఏం జరిగింది, ఎప్పటి నుంచి, ఇప్పటిదాకా కోర్సులో మీరు పూర్తి చేసినవి ఏవి, మిగిలినవి ఏవి, వాటిని ఏ తేదీకల్లా ఇవ్వగలరు అన్నది చెప్పి, ఇన్‌కంప్లీట్ గ్రేడ్ ఇవ్వడానికి వీలవుతుందా అని అడగండి. ఆధారంగా ఆసుపత్రి అడ్మిషన్ కాగితం గానీ, డాక్టర్ లెటర్ గానీ, విమాన టికెట్ గానీ ఉంటే జత చేస్తానని చెప్పండి. ఆరోగ్య వివరాలు ప్రొఫెసర్‌కి నేరుగా పంపడం ఇష్టం లేకపోతే డీన్ ఆఫ్ స్టూడెంట్స్ ఆఫీసుకి ఇవ్వండి. చాలా యూనివర్సిటీల్లో వాళ్ళు కాగితాలు చూసి, కారణం నిజమేనని ప్రొఫెసర్లందరికీ ఒకేసారి మెయిల్ పెడతారు.

అగ్రిమెంట్ ఫారంలో ఏమేం ఉండాలి?

చాలామంది ఇది ఒక సంతకం తంతు అనుకుని చదవకుండా సంతకం పెట్టేస్తారు. తర్వాత వచ్చే తగాదాలన్నీ దాదాపు ఈ కాగితంలో రాయనివాటి వల్లే వస్తాయి. కొన్ని యూనివర్సిటీల్లో అసలు ఫారమే ఉండదు, ప్రొఫెసర్ సిస్టమ్‌లో ఐ నొక్కి వదిలేస్తారు. అలాంటప్పుడు ఇవే వివరాలతో మీరే ఒక మెయిల్ రాసి, ఇది సరైనదేనని జవాబు తెప్పించుకోండి.

మొదట మిగిలిన పని. ప్రాజెక్టు పూర్తి చేయాలి అని ఒక్క ముక్కలో రాస్తే చాలదు. ఏ ప్రాజెక్టు, రిపోర్టు కూడా ఇవ్వాలా, ప్రెజెంటేషన్ ఉందా, ఒక్కోదానికి మొత్తం గ్రేడ్‌లో ఎంత శాతం అన్నది ఉండాలి. గ్రూప్ ప్రాజెక్టు అయితే ఇంకా జాగ్రత్త. మీ గ్రూప్‌లో మిగిలినవాళ్ళు డిసెంబర్‌లోనే తమది ఇచ్చేసి వెళ్ళిపోయి ఉంటారు. ఇప్పుడు మీరు ఒక్కరే ఏం చేయాలి, వాళ్ళ కోడ్ వాడుకోవచ్చా, వేరే డేటాతో మళ్ళీ చేయాలా అన్నది తేల్చి రాయించుకోవాలి. లేకపోతే వాళ్ళ కోడ్ వాడినందుకు కాపీ కొట్టారన్న ఆరోపణ వచ్చే వీలుంది.

తర్వాత పరీక్ష. ఏ సిలబస్, ఎన్ని గంటలు, ఎక్కడ రాయాలి, టెస్టింగ్ సెంటర్‌లోనా, ప్రొఫెసర్ ఆఫీసులోనా. తర్వాత ఆలస్యానికి మార్కులు కోస్తారా లేదా. చాలామంది ప్రొఫెసర్లు కోయరు, కానీ కోసేవాళ్ళూ ఉన్నారు.

ఆపైన డీఫాల్ట్ గ్రేడ్. మీరు ఇంకేమీ ఇవ్వకపోతే వచ్చే గ్రేడ్ ఇది. కొన్ని చోట్ల మిగిలినవాటికి సున్నా వేసి లెక్కకట్టిన గ్రేడ్ పెడతారు, కొన్ని చోట్ల నేరుగా ఎఫ్. ఫారంలో ఆ గడి ఉంటే ఖాళీగా వదలకండి.

చివరగా తేదీ. నా మాట వినండి, ఇక్కడ ఒక తేదీ కాదు, రెండు తేదీలు ఉండాలి. మీరు పని ఇవ్వాల్సిన తేదీ ఒకటి, ప్రొఫెసర్ గ్రేడ్ మార్పు పంపాల్సిన తేదీ ఇంకొకటి. ఎందుకో ముందుముందు చెబుతాను.

గడువు ఎంత ఉంటుంది?

ఇక్కడే యూనివర్సిటీల మధ్య తేడా చాలా ఎక్కువ. వేరే ఊళ్ళో చదివే ఫ్రెండ్ మాట నమ్మకూడనిది కూడా ఇక్కడే. యూటీ డల్లాస్‌లో తర్వాతి లాంగ్ సెమిస్టర్, అంటే ఫాల్ లేదా స్ప్రింగ్, మొదటి రోజు నుంచి ఎనిమిది వారాలు మించకూడదు. అప్పటికి గ్రేడ్ మార్పు అందకపోతే ఐ ఎఫ్‌గా మారుతుంది. కాలిఫోర్నియా స్టేట్ యూనివర్సిటీ క్యాంపస్‌లలో గరిష్ఠంగా ఒక ఏడాది. అది దాటితే ఐసీ అని పడుతుంది, జీపీఏ లెక్కలో అది ఎఫ్‌తో సమానం. అరిజోనా స్టేట్‌లో కూడా ఒక ఏడాదే. అక్కడ బ్యాచిలర్స్ వాళ్ళకు ఫెయిల్ గ్రేడ్ పడుతుంది, మాస్టర్స్ వాళ్ళకు ఐ అలాగే శాశ్వతంగా ఉండిపోతుంది. ఫెయిల్ కాలేదు కదా అని సంతోషించడానికి లేదు, ఆ క్రెడిట్లు రావు, కావాలంటే ఫీజు కట్టి కోర్సు మళ్ళీ చేయాలి.

ఇవి పై హద్దులు మాత్రమే. ప్రొఫెసర్ అంతకన్నా తక్కువ గడువు పెట్టొచ్చు. అగ్రిమెంట్‌లో ఏ తేదీ ఉంటే మీకు అదే వర్తిస్తుంది.

ఒక ఉదాహరణతో లెక్క వేసి చూపించగలరా?

ఒక అమ్మాయి డేటాబేస్ కోర్సు చేస్తోంది అనుకుందాం. నవంబర్ చివర్లో గుంటూరులో నాన్నగారికి గుండెపోటు వచ్చింది, వెంటనే బయల్దేరి వెళ్ళింది. కోర్సులో హోంవర్కులకు 25, క్విజ్‌లకు 10, మిడ్‌టర్మ్‌కు 30, ప్రాజెక్టు మధ్యంతర రిపోర్టుకు 10, ఫైనల్ ప్రాజెక్టుకు 10, ఫైనల్ పరీక్షకు 15, మొత్తం 100 మార్కులు. చివరి రెండూ తప్ప అన్నీ అయిపోయాయి, అంటే 75 శాతం పూర్తయింది. 70 శాతం నియమం ఉన్న చోట కూడా ఆమె అడగొచ్చు.

ఆ 75లో ఆమెకు వచ్చింది 62. హోంవర్కుల్లో 22, క్విజ్‌ల్లో 8, మిడ్‌టర్మ్‌లో 24, రిపోర్టుకు 8. మిగిలినవి 25 మార్కులు. ఈ కోర్సులో 80 వస్తే బీ అనుకుంటే, ఆమెకు 25లో 18 కావాలి. 90కి ఏ మైనస్ అనుకుంటే, 25కి 25 వచ్చినా 87 దగ్గరే ఆగిపోతుంది. ఈ లెక్క మొదటి రోజే వేసుకోవాలి. ఏ గ్రేడ్ ఇక అందదో తెలిస్తే దానికోసం నెలల తరబడి ప్రాజెక్టును చెక్కుతూ కూర్చోరు, అందేదాన్ని త్వరగా ముగిస్తారు. నేను చూసినంతలో గడువు దాటించుకున్నవాళ్ళలో చాలామంది బద్ధకస్తులు కాదు, ఇంకా బాగా చేసి ఇద్దామని ఆగినవాళ్ళే.

ఇక ఎఫ్ పడితే ఏమవుతుంది? ఆ సెమిస్టర్‌లో మిగిలిన రెండు కోర్సుల్లో ఆమెకు ఒక ఏ, ఒక బీ వచ్చాయి. మూడూ మూడేసి క్రెడిట్లవే. డేటాబేస్‌లో బీ వస్తే 4, 3, 3 కలిపి సగటు 3.33. ఎఫ్ పడితే 4, 3, 0 కలిపి 2.33. మాస్టర్స్‌కి చాలా యూనివర్సిటీల్లో 3.0 ఉండాలి. అంటే ఇది ఆమె మొదటి సెమిస్టర్ అయితే, ఒక్క ఎఫ్‌తో అకడమిక్ ప్రొబేషన్‌లోకి వెళ్తుంది.

ఇప్పుడు తేదీలు. ఎనిమిది వారాల నియమం, స్ప్రింగ్ జనవరి 20న మొదలైంది అనుకుందాం. ఎనిమిది వారాలు మార్చి 17తో ముగుస్తాయి. క్యాలెండర్ తెరిచి చూస్తే సరిగ్గా ఆ రోజుల్లోనే చాలా చోట్ల స్ప్రింగ్ బ్రేక్. ప్రొఫెసర్ ఊళ్ళో ఉండకపోవచ్చు, ఆఫీసులో ఫారం అందుకునేవాళ్ళూ ఉండకపోవచ్చు. అందుకే ఆమె మార్చి 17ను తన గడువు అనుకోకూడదు. వెనక నుంచి లెక్కపెట్టుకుంటూ రావాలి. గ్రేడ్ మార్పు మార్చి 6కల్లా రిజిస్ట్రార్‌కి చేరాలి. ప్రొఫెసర్ దిద్దడానికి రెండు వారాలు. కాబట్టి పరీక్ష ఫిబ్రవరి 20న. అంతకు వారం ముందు, ఫిబ్రవరి 13న, ప్రాజెక్టు రిపోర్టు. కోడ్ ఫిబ్రవరి 6కల్లా నడవాలి.

ఆమెకు కొత్త సెమిస్టర్‌లో 9 క్రెడిట్లు కూడా ఉన్నాయి. కొత్త కోర్సుల్లో మొదటి మూడు వారాలు తేలిగ్గా ఉంటాయి, ఫిబ్రవరి నడుమ నుంచి హోంవర్కులు, మిడ్‌టర్మ్‌లు ఒకదాని మీద ఒకటి వచ్చి పడతాయి. పాత కోర్సు పనిలో ఎక్కువ భాగం ఆ మొదటి మూడు వారాల్లోనే ముగియాలి. పరీక్ష సంగతి జనవరి మొదటి వారంలోనే ప్రొఫెసర్‌తో మాట్లాడి తేదీ ఖాయం చేసుకోవాలి, ఎందుకంటే ఆయన కొత్త ప్రశ్నపత్రం తయారు చేయాలి, డిసెంబర్‌లో అందరూ రాసినది ఇవ్వరు.

ఇక్కడ ఒక ఉచ్చు ఉంది. కొందరు ప్రొఫెసర్లు మంచి మనసుతోనే, స్ప్రింగ్‌లో ఇదే కోర్సు మళ్ళీ చెబుతున్నాను, ఆ క్లాస్‌తో కలిసి ఫైనల్ రాసేయ్ అంటారు. వినడానికి సులువుగా ఉంటుంది. కానీ ఆ ఫైనల్ మే నెలలో ఉంటుంది, ఎనిమిది వారాల గడువు మార్చిలోనే దాటిపోతుంది. ఏడాది గడువు ఉన్న చోట ఇబ్బంది లేదు. ఎనిమిది వారాల చోట మాత్రం ఒప్పుకోకుండా, మర్యాదగా గడువు తేదీ చూపించి వేరే రోజు అడగండి.

పని గడువులోపే పంపాను. అయినా ఎఫ్ పడింది. ఎలా?

ఇది నాకే జరిగింది. ఫైనల్స్‌కి వారం ముందు అపెండిక్స్ ఆపరేషన్ అయింది, ఇన్‌కంప్లీట్ ఇచ్చారు. మిగిలిన ప్రాజెక్టును గడువు చివరి రోజు రాత్రి పంపాను. నా దృష్టిలో పని అయిపోయింది. ప్రొఫెసర్ అప్పుడు కాన్ఫరెన్స్‌కి వెళ్ళి ఉన్నారు, ఆయన చూసింది వారం తర్వాత. ఈలోపు సిస్టమ్ ఐని ఎఫ్ చేసేసింది. అది సరిచేయడానికి ప్రొఫెసర్ లెటర్, డిపార్ట్‌మెంట్ చైర్ సంతకం, డీన్ ఆఫీసు అనుమతి కావాల్సి వచ్చింది. దాదాపు ఐదు వారాలు పట్టింది. ఆ ఐదు వారాలూ నేను ప్రొబేషన్‌లో ఉన్నట్టే రికార్డు, వచ్చే సెమిస్టర్ అసిస్టెంట్‌షిప్ ఉంటుందో పోతుందో తెలియదు. ఆ టెన్షన్ ఎవరికీ వద్దు.

అప్పుడు అర్థమైంది, యూనివర్సిటీ గడువు అంటే నేను పని ఇచ్చే రోజు కాదు, గ్రేడ్ మార్పు రిజిస్ట్రార్‌కి చేరాల్సిన రోజు అని. మధ్యలో దిద్దడం ఉంది, ఫారం నింపడం ఉంది, కొన్ని చోట్ల చైర్ సంతకమూ ఉంది. అందుకే అసలు గడువుకి కనీసం మూడు వారాల ముందే మీ పని పూర్తవ్వాలి. పంపాక పది రోజులు ఆగి, గ్రేడ్ మార్పు ఫారం పంపారా అని ప్రొఫెసర్‌ని అడగండి. అడగడం తొందరపెట్టడం అనుకోకండి. ఆయనకు ఆ సెమిస్టర్‌లో ఇంకో వందమంది విద్యార్థులు ఉంటారు, మీ పాత ఐ గుర్తుండదు.

కాన్వాస్‌లో పాత కోర్సు తెరుచుకుంటోంది కానీ సబ్మిట్ బటన్ లేదు. ఏం చేయాలి?

సెమిస్టర్ అయ్యాక కాన్వాస్‌లో పాత కోర్సులు సాధారణంగా చూడటానికే ఉంటాయి, ఏమీ పంపడానికి వీలుండదు. కొన్నాళ్ళకు పూర్తిగా కనబడకుండా పోవచ్చు కూడా. ప్రొఫెసర్ గానీ, కాన్వాస్ చూసుకునే ఐటీ వాళ్ళు గానీ ముగింపు తేదీ మార్చిన వేరే సెక్షన్‌లో మిమ్మల్ని చేర్చొచ్చు. అగ్రిమెంట్ రోజే అది అడగండి. ఏదైనా సరే, లెక్చర్ స్లైడ్లు, అసైన్‌మెంట్ వివరాలు, మీ పాత మార్కులు అన్నీ సెమిస్టర్ అయ్యేలోపే డౌన్‌లోడ్ చేసి పెట్టుకోండి. కోర్సు కోసం ఇచ్చిన సర్వర్ అకౌంట్, క్లౌడ్ క్రెడిట్లు, సాఫ్ట్‌వేర్ లైసెన్సులు కూడా సెమిస్టర్‌తోనే ఆగిపోవచ్చు. జనవరిలో కోడ్ నడపబోతే డేటాబేస్ సర్వర్‌లోకి లాగిన్ కాక రెండు వారాలు పోగొట్టుకున్నవాళ్ళు ఉన్నారు.

కాన్వాస్ పనిచేసినా, చేసిన పనిని ప్రొఫెసర్‌కి మెయిల్‌లో కూడా పంపండి. ఏ రోజు పంపారో చూపించడానికి అది ఆధారం.

అదే కోర్సుకి మళ్ళీ రిజిస్టర్ అవ్వాలా?

వద్దు. ఇన్‌కంప్లీట్ పూర్తి చేయడానికి రిజిస్ట్రేషన్, ఫీజు అక్కర్లేదు. మళ్ళీ రిజిస్టర్ అయితే అది కొత్త కోర్సు కింద లెక్క. మళ్ళీ ఫీజు కట్టాలి, పాత ఐ దాని దారిన అది ఎఫ్ అవుతుంది. క్లాసులు వినాలనుకుంటే ప్రొఫెసర్ అనుమతితో ఊరికే కూర్చుని వినండి.

ప్రొఫెసర్ జవాబు ఇవ్వడం లేదు. యూనివర్సిటీ వదిలి వెళ్ళిపోయారని కూడా అంటున్నారు.

విజిటింగ్‌గా, పార్ట్‌టైమ్‌గా చెప్పేవాళ్ళ దగ్గర ఇది ఎక్కువగా జరుగుతుంది. సెమిస్టర్‌తో వాళ్ళ కాంట్రాక్టు అయిపోతుంది, యూనివర్సిటీ మెయిల్ కూడా చూడరు. కోర్సు డిపార్ట్‌మెంట్‌ది, కాబట్టి బాధ్యత డిపార్ట్‌మెంట్ చైర్ లేదా ప్రోగ్రామ్ డైరెక్టర్ మీద ఉంటుంది. వారం తేడాతో రెండు మెయిల్స్ పెట్టి చూడండి. జవాబు రాకపోతే గ్రాడ్యుయేట్ అడ్వైజర్‌కి, చైర్‌కి అగ్రిమెంట్ కాపీ, ఆ మెయిల్స్ జతచేసి రాయండి. వాళ్ళు వేరే ప్రొఫెసర్‌తో దిద్దించి గ్రేడ్ వేయించగలరు. అప్పుడు సంతకాలున్న అగ్రిమెంట్ మీ దగ్గర ఉంటే పని సులువు, లేకపోతే ఏం మిగిలింది, ఎంత శాతం అన్నది మీ నోటిమాట మీదే ఆధారపడుతుంది.

ఎఫ్-1 స్టేటస్‌కి ఏమైనా ఇబ్బందా?

ఐ గ్రేడ్ ఒక్కటే అయితే సాధారణంగా ఇబ్బంది లేదు. కానీ రెండు విషయాలు గుర్తుంచుకోవాలి. వచ్చే సెమిస్టర్‌లో పాత ఐ కోర్సు క్రెడిట్లు ఫుల్ టైమ్ లెక్కలోకి రావు. పాత కోర్సు మూడు, కొత్తవి ఆరు, కలిపి తొమ్మిది అయ్యాయి కదా అనుకుంటే పొరపాటు. కొత్తగా రిజిస్టర్ అయినవే లెక్క. రెండోది, ఎఫ్ వల్ల ప్రొబేషన్‌లోకి వెళ్ళి చదువు ఆలస్యమైతే, ఆ కారణంతో ఐ-20 పొడిగించడం కుదరదు. ఫెడరల్ నియమంలోనే ప్రొబేషన్, సస్పెన్షన్ వల్ల అయిన ఆలస్యాన్ని ఒప్పుకోరని ఉంది. డాక్యుమెంట్లున్న అనారోగ్యం, తగిన చదువు సంబంధ కారణాలు మాత్రం ఒప్పుకుంటారు. అంటే అదే ఆలస్యానికి, ఇన్‌కంప్లీట్ దశలోనే డీఎస్‌వో దగ్గరకు వెళ్తే చెప్పుకోడానికి ఒక కారణం ఉంటుంది, ఎఫ్ పడి ప్రొబేషన్ వచ్చాక వెళ్తే ఆ కారణం బలం పోతుంది.

ఇండియాకి ఉన్నపళంగా బయల్దేరాల్సి వస్తే, ఐ-20 రెండో పేజీలో ట్రావెల్ సంతకం ఏడాదిలోపుదా కాదా చూసుకుని, డీఎస్‌వోకి ఒక మెయిల్ పెట్టి వెళ్ళండి.

ఇది నా చివరి సెమిస్టర్. ఇన్‌కంప్లీట్ తీసుకుంటే ఓపీటీ ఏమవుతుంది?

అన్నిటికన్నా జాగ్రత్త కావాల్సింది ఇక్కడ. ఐ ఉన్నంతకాలం డిగ్రీ ఇవ్వరు. గ్రాడ్యుయేషన్ ఆ సెమిస్టర్ నుంచి తర్వాతి సెమిస్టర్‌కి జరగొచ్చు. పోస్ట్ కంప్లీషన్ ఓపీటీకి ఐ-20లో ప్రోగ్రామ్ ముగింపు తేదీకి 90 రోజుల ముందు నుంచి, ఆ తర్వాత 60 రోజుల దాకా అప్లై చేయొచ్చు. ఇప్పుడు చదువు ముగియదు కాబట్టి ఆ తేదీ మార్చాల్సి రావచ్చు, మార్చాలంటే ఆ తేదీ దాటకముందే డీఎస్‌వో పొడిగించాలి. దాటాక పొడిగించడం కుదరదు. పొడిగిస్తే ఆ సెమిస్టర్‌లో మీరు దేనికో ఒకదానికి రిజిస్టర్ అయి ఉండాలా అన్నది కూడా అప్పుడే తేల్చుకోవాలి, ఎందుకంటే ఐ కోర్సు రిజిస్ట్రేషన్ కిందికి రాదు.

ఇప్పటికే ఓపీటీకి అప్లై చేసి, తర్వాత ఇన్‌కంప్లీట్ అవసరమైతే, ఐ ఫారం మీద సంతకం పెట్టేముందే డీఎస్‌వోకి చెప్పండి. దాచిపెట్టి ఉద్యోగంలో చేరితే తర్వాత స్టెమ్ పొడిగింపు దగ్గర డిగ్రీ అడిగినప్పుడు బయటపడుతుంది. నా సలహా అడిగితే, చివరి సెమిస్టర్‌లో వీలైనంతవరకు ఇన్‌కంప్లీట్ తీసుకోకుండా, ఫైనల్‌ను సెమిస్టర్ గ్రేడ్లు వేసేలోపు ఒకటి రెండు రోజులు జరిపించుకోగలరేమో ముందు ప్రయత్నించండి. గ్రేడ్లు వేయడానికి ప్రొఫెసర్‌కి ఫైనల్స్ తర్వాత కొన్ని రోజులు ఉంటాయి, ఆ కొన్ని రోజుల్లోనే పని అయిపోతే అసలు ఐ అవసరమే రాదు.

గడువు పెంచమని అడగొచ్చా?

కొన్ని చోట్ల కుదురుతుంది, కానీ గడువు ముగియకముందే ప్రొఫెసర్ సంతకంతో అడగాలి, డీన్ ఆఫీసు ఒప్పుకోవాలి. ఆపరేషన్ మళ్ళీ చేయాల్సి రావడం లాంటి కొత్త కారణం ఉంటేనే ఇస్తారు. మొదటి కారణమే మళ్ళీ చెబితే ఇవ్వరు. గడువుకి రెండు వారాల ముందు సగం పని కూడా పూర్తి కాకపోతే అప్పుడే అడగండి, చివరి రోజున కాదు.

ఎఫ్ పడిపోయింది. ఇక ఏమీ చేయలేనా?

కారణాన్ని బట్టి. మీరు గడువులోపే పని ఇచ్చి, ప్రొఫెసర్ వైపు ఆలస్యమైతే చాలా చోట్ల సరిచేస్తారు. పంపిన తేదీ ఉన్న మెయిల్, అగ్రిమెంట్ తీసుకుని ముందు ప్రొఫెసర్ దగ్గరకు, ఆయన ద్వారా చైర్ దగ్గరకు వెళ్ళండి. గ్రేడ్ అప్పీల్‌కి కూడా గడువు ఉంటుంది, అది మళ్ళీ దాటనివ్వకండి. మీరే పని ఇవ్వకపోతే మాత్రం దాదాపు ఒకటే దారి, కోర్సు మళ్ళీ చేయడం. అప్పుడు మీ యూనివర్సిటీలో కోర్సు మళ్ళీ చేస్తే పాత గ్రేడ్ జీపీఏ నుంచి తీసేస్తారా, రెండూ కలిపి లెక్కిస్తారా అడగండి. మాస్టర్స్ స్థాయిలో రెండూ లెక్కించే చోట్లు ఉన్నాయి, అప్పుడు 3.0కి ఎక్కడానికి ఇంకా ఎన్ని కోర్సుల్లో ఏ గ్రేడ్ కావాలో అడ్వైజర్‌తో కూర్చుని అంకెలు వేసుకోవాలి.

గ్రేడ్ మారింది. ఇంకేమైనా చూసుకోవాలా?

అన్‌అఫీషియల్ ట్రాన్‌స్క్రిప్ట్ డౌన్‌లోడ్ చేసి, ఐ పోయి గ్రేడ్ వచ్చిందో లేదో, జీపీఏ మారిందో లేదో చూడండి. ఐ వల్ల ఆగిన అసిస్టెంట్‌షిప్, డిగ్రీ ఆడిట్, ప్రొబేషన్ నోటీసు ఏవైనా ఉంటే అవి వాటంతట అవి సరికావు, ఆయా ఆఫీసులకు కొత్త ట్రాన్‌స్క్రిప్ట్‌తో మెయిల్ పెట్టాలి. ఇండియాలో ఎడ్యుకేషన్ లోన్ తీసుకుని, బ్యాంకు తర్వాతి విడతకు మార్కుల జాబితా అడిగి ఉంటే, ఐ ఉన్న పాత కాపీకి బదులు ఈ కొత్తదే నాన్నగారికి పంపండి.